బక్రీద్‌కి పక్కింటివాళ్లకి ఏమని చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

"మాది విజయనగరం. మా కింద వాటాలో ఈమధ్యే ఒక ముస్లిం కుటుంబం దిగింది, పెద్దాయన్ని చాచా అని పిలుస్తున్నాం. ఆఫీసులో మా సూపరింటెండెంట్ గారు కూడా ముస్లిమే. బక్రీద్‌కి వీళ్లకి ఏమని చెప్పాలి? ఈద్ ముబారక్ అనేది రంజాన్‌కేనా? ఇంటికి ఎప్పుడు వెళ్తే బావుంటుంది? మేము మాంసం తినం, వాళ్లు పంపిస్తే ఏం చెయ్యాలో తెలీక టెన్షన్‌గా ఉంది."

ఈద్ ముబారక్ రెండు పండగలకీ చెల్లుతుంది, ధైర్యంగా చెప్పండి. ఈద్ అంటే పండగ, ముబారక్ అంటే శుభంగా ఉండాలని. రంజాన్ నెల ఉపవాసాలు అయ్యాక వచ్చేది ఈద్-ఉల్-ఫితర్, ఇది ఈద్-ఉల్-అజ్హా. దీన్నే అద్హా అని కూడా రాస్తారు. అరబ్బీలో ఉన్న ఆ ఒక్క అక్షరాన్ని మన ఉర్దూలో జ లాగా పలుకుతాం కాబట్టి ఇక్కడ అజ్హా అంటాం, రెండూ సరైనవే. అజ్హా నోరు తిరక్కపోతే "బక్రీద్ ముబారక్" అనండి, అదీ కాకపోతే చక్కగా తెలుగులో "బక్రీద్ శుభాకాంక్షలు చాచా" అనండి. నేను కంటోన్మెంట్ వైపు పుట్టి పెరిగినవాణ్ణి, ఇంట్లో మాకు ఉర్దూ ఎంతో తెలుగూ అంతే, ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో తెలుగులో చెప్పిన శుభాకాంక్ష నాకు ఎప్పుడూ తక్కువగా అనిపించలేదు. రావాల్సింది ఉర్దూ కాదు, ఇది ఏ పండగో తెలిసి చెప్పడం.

ఎందుకంటే తప్పు జరిగేది మాటలో కాదు, పండగలో. బక్రీద్ రోజు ఫోన్ చేసి "ఉపవాసాలు బాగా జరిగాయా భాయ్" అని అడిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు. రంజాన్ బొమ్మనే మళ్లీ పంపేవాళ్లు ఇంకా ఎక్కువ, అందులో సన్నటి నెలవంక ఉంటుంది. ఈద్-ఉల్-ఫితర్ నెలపొడుపు చూసి చేసుకునే పండగ, అందుకే ఆ నెలవంకకి అక్కడ అర్థం ఉంది. బక్రీద్ జిల్‌హజ్ నెలలో పదో తేదీన వస్తుంది. ఆ రోజు రాత్రి మీ డాబా ఎక్కి చూడండి, సగం దాటి నిండుతున్న చంద్రుడు కనిపిస్తాడు. బొమ్మ పంపినందుకు ఎవరూ కోప్పడరు, కానీ బొమ్మ కంటే మీరు సొంతంగా రాసిన ఒక్క వాక్యం మేలు.

ఆ వాక్యం ఏమిటో చెప్పాలంటే ఆ రోజు దేనికో కొంచెం చెప్పాలి. ఇబ్రాహీం ప్రవక్తకి ముసలితనంలో కొడుకు పుట్టాడు. ఆ కొడుకు తండ్రితో పాటు నడిచి తిరిగే వయసుకొచ్చాక, వాణ్ణి బలి ఇస్తున్నట్టు ఆయనకి కల వచ్చింది. ప్రవక్తకి వచ్చిన కల అంటే దేవుడి ఆజ్ఞే. ఆయన కొడుకుని చేతులు కట్టి లాక్కెళ్లలేదు, "నాకిలా కలొచ్చింది, నువ్వేమంటావు" అని అడిగాడు. "నాన్నా, మీకేం ఆజ్ఞ అయిందో అది చెయ్యండి, నేను ఓర్చుకుంటాను" అన్నాడు కొడుకు. తీరా పడుకోబెట్టాక, నువ్వు మాట నిలబెట్టుకున్నావని దేవుడు ఆపేసి, కొడుకు బదులు ఒక జీవాన్ని ఇచ్చాడు. ఆ కొడుకు పేరు ఖురాన్ ఆ చోట చెప్పదు, ఇస్మాయీల్ అని మా సంప్రదాయం నమ్ముతుంది. ఆ సంఘటనని గుర్తుచేసుకుని ఇచ్చేదే ఖుర్బానీ. ఖురాన్‌లోనే హజ్ అనే అధ్యాయం 37వ వాక్యంలో ఉంది, వాటి మాంసం గానీ రక్తం గానీ అల్లాని చేరవు, చేరేది మీ భక్తి మాత్రమే అని. అందుకని ఆ రోజు నమాజు చేసి ఖుర్బానీ ఇచ్చిన మనిషి మనసులో ఉండే మాట ఒకటే, నేనిచ్చింది ఆయన స్వీకరించాడా అని. ఉర్దూలో ఆ మాట ఖుబూల్.

కాబట్టి ఈద్ ముబారక్ అన్నాక రెండో మాటగా "అల్లా మీ ఖుర్బానీని స్వీకరించాలి" అనండి. ఉర్దూలో చెప్పాలని ఉంటే "అల్లాహ్ ఆప్ కీ ఖుర్బానీ ఖుబూల్ ఫర్మాయే". బక్రీద్‌కే చెందిన మాట ఇది, రంజాన్‌కి పనికిరాదు. మీ చాచా లాంటి పెద్దాయన ఈ మాట పై వాటా కుర్రాడి నోట విన్నాడంటే, వెంటనే "ఆమీన్" అంటాడు. నేనైతే అంటాను. నెట్‌లో వెతికితే "తఖబ్బలల్లాహు మిన్నా వ మిన్కుమ్" అని కూడా కనిపిస్తుంది. అది మేము ఒకరికొకరు చెప్పుకునేది, "మా నుంచీ మీ నుంచీ అల్లా స్వీకరించుగాక" అని అర్థం. చెప్పేవాడు కూడా ఆ ఆరాధన చేసి ఉంటేనే "మా నుంచీ" అన్నది అతుకుతుంది. మీరు అంటే తప్పు పట్టరు, కానీ మీకు దాని అవసరం లేదు.

మీరు ముబారక్ అంటే అటునుంచి "ఖైర్ ముబారక్" అనో "ఆప్ కో భీ" అనో వస్తుంది. దానికి నవ్వితే చాలు, మళ్లీ జవాబు అక్కర్లేదు. "దుఆ మే యాద్ రఖ్నా" అంటే ప్రార్థనలో మమ్మల్ని గుర్తుపెట్టుకోండి అని, దానికి "తప్పకుండా చాచా, మీరూ మా కోసం దుఆ చెయ్యండి" అనండి. మగవాళ్లు మూడుసార్లు కౌగిలించుకుంటారు, ఆయన చేతులు చాస్తే మీరూ చాచండి. చాచీకి, ఇంట్లో ఆడవాళ్లకి దూరం నుంచే నమస్కారం పెట్టి "ఈద్ ముబారక్ చాచీ" అనండి. షేక్‌హ్యాండ్‌కి మీరుగా చెయ్యి చాపొద్దు. పిలుపుల్లో ఒక్కటి మాత్రం వదిలెయ్యండి, "సాయిబు గారూ" అని. మన వైపు పాతవాళ్లు మర్యాదకే అనేవారు, నాకు తెలుసు, కానీ అది మనిషిని కులం పెట్టి పిలిచినట్టే వినిపిస్తుంది. చాచా అన్నారుగా, అదే అనండి.

ఇక ఏ రోజు, ఏ టైము అన్నది. నెల చంద్రుణ్ణి చూసి మొదలవుతుంది కాబట్టి బక్రీద్ తేదీ పది రోజుల ముందే తేలిపోతుంది, రంజాన్‌లా ముందురాత్రి దాకా ఎదురుచూపు ఉండదు. కానీ గల్ఫ్‌లో ఉన్న మన శ్రీకాకుళం కుర్రాళ్ల స్టేటస్ చూసి చెప్పెయ్యకండి, అక్కడ తరచూ ఒకరోజు ముందు వస్తుంది. 2024లో సౌదీలో జూన్ 16, మనకి 17. 2025లో అక్కడ 6, మనకి 7. ఏడాది మొదట్లో అచ్చేసిన సెలవుల జాబితా కూడా చంద్రుణ్ణి బట్టి ఒకరోజు జరగొచ్చు. చాచానే అడగండి, "పండగ ఏ రోజు చాచా" అని. ఆ అడగడమే ఆయనకి సగం శుభాకాంక్ష.

పండగ ముందురోజు అరఫా. హజ్‌కి వెళ్లినవాళ్లు ఆ రోజు అరఫాత్ మైదానంలో నిలబడి ప్రార్థిస్తారు, ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఆ ఒక్కరోజు ఉపవాసం ఉంటారు. ఆఫీసులో మీ సూపరింటెండెంట్ గారికి ఆ రోజు టీ తెప్పించి బలవంతపెట్టకండి. ఖుర్బానీ ఇవ్వదలిచినవాళ్లు నెలపొడుపు నుంచి జీవాన్ని కోసేదాకా జుట్టు, గోళ్లు తీసుకోకుండా ఉండటం కూడా ఉంది. ఆయన గడ్డం కొంచెం చెదిరి ఉంటే "ఏంటి సార్ ఒంట్లో బాలేదా" అని అడగాల్సిన పని లేదన్నమాట.

పండగ పొద్దున్న స్నానం చేసి, మంచి బట్టలు కట్టుకుని, ఏమీ తినకుండానే ఈద్గాకో మసీదుకో వెళ్తాం. రంజాన్ పండగకి ఖర్జూరం నోట్లో వేసుకుని వెళ్తాం, దీనికి నమాజు అయ్యాకే తిండి. సూర్యోదయం అయిన కాసేపటికి నమాజు, తర్వాత ఖుత్బా అనే ప్రసంగం, ఇంటికొచ్చి ఖుర్బానీ, ఆ తర్వాత అసలు పని మొదలు. మాంసాన్ని మామూలుగా మూడు వాటాలు చేస్తాం, ఒకటి ఇంటికి, ఒకటి చుట్టాలకీ స్నేహితులకీ, ఒకటి లేనివాళ్లకి. అవి తూచి, కవర్లలో కట్టి, ఎవరిది ఎవరికని పిల్లలకి చెప్పి పంపి, మిగిలింది వండి, ఇల్లు కడిగేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది. వంటింట్లో ఆడవాళ్లకి కూర్చునే తీరిక ఉండదు. పైడితల్లమ్మ సిరిమాను తిరిగే వేళ మీ ఇంటికి ఎవరో వచ్చి సోఫాలో కూర్చుంటే మీకెలా ఉంటుంది? అదే ఇక్కడ. పొద్దున్న మెట్లమీద ఎదురైతే నిలబడే ముబారక్ చెప్పి పంపించెయ్యండి, ఇంటికి వెళ్లడం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, అయిదున్నర ఆరుకి పెట్టుకోండి. అప్పటికి చాచా స్నానం చేసి కుర్చీ బయట వేసుకుని ఉంటాడు.

ఇప్పుడు చెప్పకూడని మాట గురించి, దీని మీద నాకు మనసులో చాలా ఉంది. ఒక ఏడాది మా ఇంటావిడకి ఆపరేషన్ అయింది. చేతిలో ఉన్నదంతా ఆస్పత్రికి పోయింది, పైన అప్పు. ఖుర్బానీ అందరి మీదా ఉండదు, మేము అనుసరించే హనఫీ పద్ధతిలో అవసరాలూ అప్పులూ పోను సుమారు 612 గ్రాముల వెండి విలువకి తగ్గకుండా మిగిలినవాళ్లకే అది తప్పనిసరి. కాబట్టి ఆ ఏడాది నా మీద లేదు, పాపమేమీ కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా చిన్నప్పట్నుంచి ఇంటి ముందు జీవాన్ని చూసినవాడికి ఆ పొద్దున్న గుమ్మం బోసిగా ఉంటే ఎలా ఉంటుందో చెప్పలేను. మర్నాడు ఆఫీసుకెళ్తే వరసగా అందరూ, "భాయ్, బిర్యానీ ఏది? ఈసారి ఎన్ని పొట్టేళ్లు? ఎంతకి కొన్నారు?" అని. అందరూ నన్ను ఇష్టపడేవాళ్లే, ఒక్కరిలో కూడా చెడు లేదు. నేను నవ్వి, "రేపు తెస్తాను" అన్నాను, ఆ రేపటి కోసం అప్పు చేసి రెండు కేజీల మటన్ కొన్నాను. మా అటెండరమ్మ ఒక్కతే మంచినీళ్ల గ్లాసు టేబుల్ మీద పెడుతూ, గొంతు తగ్గించి, "మేడమ్‌కి ఎలాగుంది భాయ్? మీ పార్థనలు దేవుడు వినాలి" అంది. ఆవిడకి ఖుర్బానీ లెక్కలు తెలీవు. కానీ ఆ మాట ఇచ్చినవాడికీ ఇవ్వలేనివాడికీ కూడా సరిపోయింది.

అప్పట్నుంచి నన్ను ఎవరడిగినా ఇదే చెప్తున్నాను. అవతలివాళ్లు ఈసారి ఖుర్బానీ ఇచ్చారో లేదో మీకు తెలిస్తే "మీ ఖుర్బానీని స్వీకరించాలి" అనండి. తెలీకపోతే "మీ ప్రార్థనల్ని స్వీకరించాలి" అనండి, ఉర్దూలో "అల్లాహ్ ఆప్ కీ ఇబాదత్ ఖుబూల్ కరే". ఎన్ని, ఎంతకి, ఎక్కడ కోశారు అని అడగొద్దు. బిర్యానీ వాళ్లే పిలిచి పెడతారు, పెట్టలేని ఏడాది మీరు అడగలేదన్న సంగతి గుర్తుపెట్టుకుంటారు.

మాంసం సంగతికి వస్తాను. ఆ కవరు మీ గుమ్మం దాకా ఎందుకొస్తుందంటే, పొరుగువాళ్లు ఏ మతం వాళ్లయినా వాటా పంపొచ్చు, పంపడం మంచిదనుకుంటాం. మీరు తినరని తెలీక పంపుతారు తప్ప మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు. అందుకే రెండు మూడు రోజుల ముందే, పండగ ఎప్పుడని అడిగేటప్పుడే, "చాచా, మేము మాంసం తినం, చాచీ చేతి షీర్‌ఖుర్మా మాత్రం మాకు ఉంచండి" అని చెప్పెయ్యండి. ఇది తిననని చెప్పి వదిలెయ్యడం కంటే, ఇది తింటానని చెప్పడంలో వాళ్లకి పెట్టే దారి దొరుకుతుంది. షీర్‌ఖుర్మా అంటే పాలు, సేమ్యా, ఖర్జూరం, జీడిపప్పు, బాదం, అందులో మాంసం గానీ గుడ్డు గానీ ఉండదు. మాంసం వండిన ఇంట్లో గిన్నె కూడా ముట్టుకోని నియమం మీదైతే అదీ దాచకుండా చెప్పండి, పళ్లు పెడతారు. నియమం అంటే ఏమిటో మాకూ తెలుసు, మేమూ హలాల్ కానిది ముట్టుకోం కదా.

ముందు చెప్పడం మర్చిపోయారు, మధ్యాహ్నం వాళ్ల మనవడు కవరు పట్టుకుని మెట్లెక్కి వచ్చేశాడు అనుకోండి. తలుపు దగ్గర మొహం చిట్లించొద్దు, ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టొద్దు. వాడికి ఎనిమిదేళ్లుంటాయి, ఆ రోజు వాడికి ఇచ్చిన పెద్ద పని అది. "బాబూ, ఈద్ ముబారక్. మేము మాంసం తినం నాన్నా. మా వాటా ఇంకెవరికైనా ఇమ్మన్నారని తాతయ్యకి చెప్పు, సాయంత్రం మేమే వస్తాం" అనండి, చేతిలో ఒక చాక్లెట్ పెట్టండి. మా వాటా అన్నారు చూడండి, దాంతో మీరు కాదన్నట్టు కాదు, తీసుకుని ఇంకొకరికి ఇచ్చినట్టు. మీ పనమ్మాయి తింటుందంటే తీసుకుని ఆమెకి ఇవ్వొచ్చు, సాయంత్రం చాచాకి ఆ మాట చెప్పండి, సంతోషిస్తాడు.

మొహమాటానికి తీసుకుని తర్వాత పారెయ్యడం మాత్రం వద్దు. మా పాత వీధిలో ఒకరు అలాగే చేశారు. నేను కట్టిన కవరు, ముడి నేను వేసే తీరులోనే ఉంది, మర్నాడు పొద్దున్న కాలువ పక్కన కుక్కలు లాగుతున్నాయి. దాన్ని ఇచ్చి వచ్చిన మా చిన్నోడే దాన్ని చూశాడు. "అబ్బా, అది మనదేనా" అని అడిగాడు. ఖుర్బానీ ఇచ్చిన మాంసాన్ని మేము అమ్ముకోం, కోసినవాడికి కూలి కింద కూడా ఇవ్వం, అది ఇచ్చేసినది. ఆ కుటుంబంతో నేను ఆ తర్వాత కూడా బాగానే ఉన్నాను, కానీ పిల్లాడు మళ్లీ వాళ్ల గుమ్మం ఎక్కనన్నాడు. తిననని చెప్పి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలని తర్వాత అడుగుతారు, ఇప్పుడే చెప్పేస్తాను. పళ్లు. బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, ఈ రెండు మూడేళ్లు మామిడి కాలంలోనే పడుతుంది కాబట్టి అరడజను సువర్ణరేఖ పళ్లు పట్టుకెళ్లండి. గుడి ప్రసాదం ఆ రోజు వద్దు, కొందరు తీసుకోవడానికి ఇబ్బంది పడతారు, కాదనడానికీ ఇబ్బంది పడతారు. షీర్‌ఖుర్మా వచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్నది మీ ఇంట్లోనూ ఉంది, మా ఇంట్లోనూ ఉంది, అది మాత్రం పాటించండి.

మీ సూపరింటెండెంట్ గారికి ఇంటికి వెళ్లే చనువు లేకపోతే మెసేజ్ చాలు. ఆఫీస్ గ్రూపులో నలభై బొమ్మల మధ్య పడెయ్యకుండా విడిగా పంపండి. "సార్, మీకూ మీ కుటుంబానికీ ఈద్-ఉల్-అజ్హా ముబారక్. అల్లా మీ ప్రార్థనల్ని స్వీకరించాలని కోరుకుంటున్నాను" అని రాస్తే నిండుగా ఉంటుంది. వాళ్ల ఇంట్లో ఎవరైనా హజ్‌కి వెళ్లి ఉంటే "అమ్మగారి హజ్ ఖుబూల్ కావాలి, క్షేమంగా తిరిగి రావాలి సార్" అని ఒక్క ముక్క కలపండి, ఆ ఇంట్లో ఆ వారమంతా నడిచే మాట అదే. ఈ ఏడాదిలో వాళ్ల ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, మనవైపు ఏడాది దాకా పండగ చెయ్యరు కదా అని ఆగిపోకండి. మాకు అలాంటి ఏడాది పట్టింపు లేదు, నమాజూ ఖుర్బానీ మామూలే. ముబారక్ అన్న మాట గట్టిగా కాకుండా, "ఈద్ రోజు నాన్నగారు గుర్తొచ్చి ఉంటారు సార్" అని ముందు అని, తర్వాత ప్రార్థనల మాట అనండి.

ఆ రోజు మీరు ఊళ్లో లేక కుదరకపోతే కంగారు పడొద్దు. మా పద్ధతిలో ఖుర్బానీకి మూడు రోజులుంటాయి, పదో తేదీ నుంచి పన్నెండో తేదీ సూర్యాస్తమయం దాకా. రెండో రోజుని ఇంట్లో బాసీ ఈద్ అంటాం, చుట్టాలు ఎక్కువగా వచ్చేది అప్పుడే, చాచీకి కూర్చుని మాట్లాడే తీరిక దొరికేదీ అప్పుడే. ఆ సాయంత్రం మామిడిపళ్లతో దిగి, "నిన్న రాలేకపోయాను చాచా, ఈద్ ముబారక్" అనండి.